ఒప్పందంలో లేని పనులు పెరుగుతుంటే ఇంటి ఓనర్‌కు మెసేజ్ ఎలా రాయాలి?

ప్రశ్న: అన్నా, నల్లగొండలో చిన్న ఇళ్లు మెటీరియల్‌తో సహా కట్టిస్త. ఇప్పుడు ఒక రిటైర్డ్ టీచర్ సార్ ఇల్లు నడుస్తున్నది. 200 గజాల జాగ, 1,200 అడుగుల స్లాబ్, అడుగుకు 1,850 మాట్లాడుకున్నం, కాగితం కూడా రాసుకున్నం. స్లాబ్ అయింది, గోడలు అయినయి, ప్లాస్టరింగ్ మొదలుపెట్టాలె. మధ్యలో వాస్తు ఆయన చెప్పిండని వంటింటి గోడ పగలగొట్టి జరిపించిండు. పిట్టగోడ మూడడుగులు అనుకున్నది నాలుగు చేయమన్నడు. రెండు బెడ్రూముల్ల లాఫ్ట్‌లు పెట్టించిండు. వంటింటి గట్టుకు గ్రానైట్ మాత్రం తనే తెచ్చుకుంట అన్నడు. ఇప్పుడు పోర్టికో నాలుగడుగులు ముందుకు గుంజమంటున్నడు, ఇంటెనుక వాష్ ఏరియా కూడా కావాలంటున్నడు. పైసలు అడిగితే "చూసుకుందాం తియ్యి" అంటడు. మా అత్తగారి ఊరి తరఫున తెలిసిన మనిషి, మొహమాటం. సంబంధం చెడకుండ, గట్టిగ ఒక మెసేజ్ ఎట్ల రాయాలె?

సమాధానం:

తమ్ముడూ, మెసేజ్ కింద రాసి ఇస్తున్నాను. అయితే అది రాసే ముందు నువ్వు ఒక సాయంత్రం కూర్చుని చేయాల్సిన పని ఉంది. అది చేయకుండా ఎంత మంచి మాటలు రాసినా "సార్, ఎక్స్‌ట్రా పనులు చాలా అయినయి, జర చూడండి" అన్నట్టే ఉంటుంది. దానికి ఆయన "సరే చూద్దాం" అంటారు. మళ్లీ మొదటికే వస్తావు. ఓనర్లలో చాలామంది ఎగ్గొట్టే మనుషులు కాదు. ఎంతో తెలియని డబ్బును ఎవరూ ఇవ్వరు, అంతే. ఇప్పటి దాకా నువ్వు ఆయనకు ఒక్క అంకె కూడా చెప్పలేదు.

ముందు ఒప్పంద కాగితం తీసి, దాని పక్కన ఇప్పటిదాకా జరిగిన మార్పులన్నీ రాయి. కాగితంలో ఉన్నవి, లేనివి, ఉన్నాయో లేవో తేలనివి అని వేరు చెయ్యి. తగాదా ఎక్కువగా ఈ తేలని వాటి దగ్గరే వస్తుంది. కాగితంలో "లాఫ్ట్‌లు" అని మాత్రమే రాసి ఎన్నో రాయకపోతే, బెడ్రూముల్లోవి కూడా అందులోనివే అని ఆయన అనగలరు. అప్పుడు అవి అదనం అని వాదించకు, వదిలెయ్. పోర్టికోను స్లాబ్ ఏరియాలో కలిపి 1,200 లెక్కేశారా, మెట్ల మీది గది అందులో ఉందా అన్నది కూడా ఇప్పుడే చూసుకో. తేలని దాన్ని లెక్కలో పెట్టి గట్టిగా అడిగితే, తేలిన వాటి మీద కూడా ఆయనకు అనుమానం వస్తుంది. ఒప్పందంలో వంటగదికి ఒక్క లాఫ్టే అని స్పష్టంగా ఉందనుకుని నేను ముందుకు పోతున్నాను.

తర్వాత ఒక్కో పనికి ధర కట్టు. నీ రేట్లు నాకు తెలియవు కాబట్టి మామూలు కొలతలు, రేట్లు వేసుకుని చూపిస్తాను. నీ సైట్ కొలతలు, నీ బిల్లులు పెట్టి మార్చుకో.

వంటింటి గోడ నాలుగున్నర అంగుళాల గోడ అనుకుందాం. పది అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు, అంటే వంద చదరపు అడుగులు. పగలగొట్టి మట్టి ఎత్తిపోయడానికి కూలి, ట్రాక్టర్ కలిపి 4,000. చదరపు అడుగుకు నాలుగున్నర ఇటుకలు చొప్పున 450 ఇటుకలు, ఒక్కోటి 9 రూపాయలకు 4,050. రెండు బస్తాల పైచిలుకు సిమెంటు, పది పదకొండు ఘనపుటడుగుల ఇసుక, రెండూ కలిపి 1,450. ఒక మేస్త్రీ, ఇద్దరు కూలీలు రెండు రోజులు పని చేస్తే 5,200. ఆ గోడలో అప్పటికే పెట్టిన కరెంటు పైపు తీసి కొత్త గోడలో పెట్టడానికి 1,300. మొత్తం 16,000.

ఇక్కడ ఒక సంగతి చూడు. ఆ గోడ ప్లాస్టరింగ్, పెయింటింగ్ నేను లెక్కలో వేయలేదు. గోడ పాత జాగాలో ఉన్నా అవి ఎట్లాగూ చేయాల్సిందే, ఆ డబ్బు 1,850లోనే ఉంది. నువ్వు వాటిని కూడా కలిపితే, బడిలో లెక్కలు చెప్పిన మనిషి అయితే అక్కడే పట్టుకుంటారు. ఒక్క చోట పట్టుకుంటే మిగతా అంకెలన్నీ అబద్ధం అనుకుంటారు. అదే ప్లాస్టరింగ్ అయ్యాక గోడ పగలగొట్టాల్సి వస్తే అప్పుడు అది నీకు నష్టమే, కలపాలి.

పిట్టగోడకు వద్దాం. ముప్పై నలభై కొలతల ఇంటికి చుట్టూ 140 అడుగులు. ఒక అడుగు ఎత్తు పెరిగింది కాబట్టి 140 చదరపు అడుగుల గోడ కొత్తగా వచ్చింది. పైన లెక్క ప్రకారం గోడకు చదరపు అడుగుకు 107 దాకా పడుతోంది. దీనికి మాత్రం రెండు వైపులా ప్లాస్టరింగ్ కొత్త ఖర్చే, అది ఇంకో 90 పైన. అడుగుకు 200 వేసుకుంటే 28,000. అడిగినప్పుడు "ఒక్క అడుగే కదా" అనిపించిన ఈ పని గోడ జరపడం కంటే ఎక్కువైంది చూశావా. ఓనర్‌కు కూడా ఇదే అర్థం కాదు. పగలగొట్టేది పెద్ద ఖర్చు అనుకుంటారు, చుట్టూ తిరిగేది చిన్నగా కనిపిస్తుంది. అందుకే మెసేజ్‌లో "పిట్టగోడ 28,000" అని ఊరికే రాయకూడదు. "140 అడుగుల చుట్టుకొలత" అన్న మాట పక్కన ఉండాలి.

లాఫ్ట్‌లు రెండు, ఒక్కోటి పది అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, కలిపి 40 చదరపు అడుగులు. అడుగుకు 220 చొప్పున 8,800.

మూడూ కలిపితే 52,800 అయింది. ఇప్పుడు నీ ప్రశ్నలో నువ్వే రాసి వదిలేసిన దాన్ని తీద్దాం. గ్రానైట్ సారే తెచ్చుకుంటున్నారు. వంటింటి గట్టు రాయి నీ ఒప్పందంలోదే కదా. ఇరవై అడుగుల గట్టు, రెండడుగుల వెడల్పు, 40 చదరపు అడుగులు, రాయి అడుగుకు 200 అనుకుంటే 8,000 నీకు మిగిలింది. అది ఆయనకు తిరిగి ఇవ్వాలి. పరిచే కూలి నీదే కాబట్టి రాయి ఖరీదు మాత్రమే తగ్గించు. ఆయన అడగకముందే నువ్వు ఈ 8,000 తగ్గించి చూపిస్తే, మిగతా అంకెలను ఆయన చదివే తీరే మారిపోతుంది. మొత్తం మెసేజ్‌లో అన్నిటికన్నా ఎక్కువ పని చేసే లైన్ అదేనని నా అనుభవం. పెరిగినవే రాసి తగ్గినవి దాచే కాంట్రాక్టర్‌ను జనం వెంటనే పసిగడతారు.

ఇప్పుడు రావాల్సింది 44,800. 22,20,000 ఒప్పందంలో ఇది రెండు శాతం. ఓనర్ కళ్లకు చిన్న మొత్తమే. కానీ నీకు ఈ పనిలో పదో వంతు మిగులుతుందనుకుంటే అది 2,22,000. అందులో దాదాపు అయిదో వంతు ఈ మూడు పనుల్లోనే పోయింది. ఈ రెండో లెక్క నీ కోసమే, మెసేజ్‌లో రాయకు. నీ లాభం ఎంతో ఆయనకు చెప్పినరోజు ఆ లాభంలోంచే బేరం మొదలవుతుంది.

డబ్బుతో పాటు రోజులు కూడా లెక్కపెట్టు. గోడ పగలగొట్టి కట్టి నీళ్లు పట్టేసరికి మూడు రోజులు, పిట్టగోడకు ఇంకో మూడు రోజులు అనుకుందాం. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టుకున్న ఇల్లైతే ఈ ఆరు రోజులే రేపు పెద్ద గొడవ అవుతాయి. ముహూర్తం దగ్గరపడ్డాక "నీ పని లేటైంది" అన్న మాట వస్తుంది. ఎందుకు లేటైందో అప్పటికి ఎవరికీ గుర్తుండదు.

ఇక మిగిలింది చిన్నాచితకా. పూజగదికి ఒక మెట్టు, రెండు స్విచ్ పాయింట్లు ఇట్లాంటివి నువ్వు ఊరికే చేసి ఉంటావు. వాటికి డబ్బు అడగకు, కానీ రాయి. "లెక్కలో వేయలేదు" అని పక్కన రాయి. రాయకుండా వదిలేస్తే అవి ఒప్పందంలోనివే అయిపోతాయి, ఇంకో నాలుగు అట్లాంటివి వస్తాయి. రాస్తే నువ్వు ఎక్కడ ఉదారంగా ఉన్నావో, ఎక్కడ ఉండలేవో ఆయనకే తెలుస్తుంది.

మెసేజ్ పంపే ముందు ఒక ఫోన్ చెయ్యి. డబ్బు మాట ముందు చెప్పకుండా వాట్సాప్‌లో పడితే పెద్దమనుషులకు నోటీసు వచ్చినట్టు ఉంటుంది. ఫోన్‌లో లెక్క చెప్పకు. "సార్, ఇప్పటి దాకా అయిన మార్పులు కాగితం మీద పెట్టిన. సాయంత్రం పంపుత, చూసి ఉంచండి. ఆదివారం సైట్ దగ్గర కూర్చుందాం, మేడంను కూడా తీసుకురండి" అంటే చాలు. మేడం ఎందుకంటే లాఫ్ట్‌లు, వాష్ ఏరియా లాంటివి ఆమె మాట మీద వచ్చి ఉంటాయి. సార్ ఒక్కరితో తేల్చుకుంటే ఇంటికి పోయాక మళ్లీ మారుతుంది.

మెసేజ్ ఇట్లా ఉండాలి:

"నమస్తే సార్. పొద్దున ఫోన్‌లో పంపుతానన్న లెక్క ఇది.

మన ఒప్పందం 1,200 అడుగులు, అడుగుకు 1,850 చొప్పున 22,20,000. ఇందులో రాసిన ప్రతి పనీ అదే ధరకు పూర్తి చేస్తాను, దానిలో మార్పు లేదు.

మీరు చెప్పిన మీదట ఒప్పందంలో లేకుండా చేసినవి మూడు ఉన్నాయి.
వంటింటి గోడ పగలగొట్టి జరిపినది: 16,000. కొత్త గోడ ప్లాస్టరింగ్, పెయింటింగ్‌కు వేరే డబ్బు లేదు.
పిట్టగోడ 3 నుంచి 4 అడుగులు, ఇంటి చుట్టూ 140 అడుగులు, రెండు వైపులా ప్లాస్టరింగ్‌తో: 28,000.
బెడ్రూముల్లో రెండు లాఫ్ట్‌లు, 40 చదరపు అడుగులు: 8,800.
మొత్తం 52,800.

గ్రానైట్ మీరే తెస్తున్నారు కాబట్టి రాయి ఖరీదు 8,000 తగ్గించాను. ఇవ్వాల్సింది 44,800.
పూజగది మెట్టు, రెండు స్విచ్ పాయింట్లు లెక్కలో వేయలేదు.
ఈ పనులకు ఆరు రోజులు పట్టింది, పూర్తయ్యే తేదీ ఆ మేరకు జరుగుతుంది.

పోర్టికో ముందుకు జరపడం స్లాబ్ పోశాక కుదరదు సార్. కారణాలు ఎదురుగా చూపించి చెప్తాను. వాష్ ఏరియా చేయొచ్చు. ఎంత సైజు కావాలో ఆదివారం కొలుద్దాం. ఖర్చు రాసి పంపుతాను, మీరు సరే అన్నాక మొదలుపెడతాను.

ఇక నుంచి ఏ మార్పు అనుకున్నా ఇట్లాగే చేద్దాం. ముందు ఖర్చు, రోజులు రాసి పంపుతాను. మీరు ఇక్కడే 'సరే' అని పెడితే పని మొదలవుతుంది. మేస్త్రీలకు నేరుగా చెప్పకుండా నాకే చెప్పండి, లెక్క తప్పకుండా ఉంటుంది.

ఈ 44,800 ప్లాస్టరింగ్ విడతతో కలిపి ఇస్తే సరిపోతుంది. ఏ అంకె మీద అనుమానం ఉన్నా ఆదివారం టేపు పట్టి కొలుచుకుందాం."

ఇందులో "దయచేసి అర్థం చేసుకోండి", "నా పరిస్థితి బాగోలేదు", "మీలాంటి పెద్దవాళ్లు" లాంటి మాటలు లేవు, చేర్చకు. నీ ఇబ్బంది చెప్పుకుంటే అది సాయం అడిగినట్టు అవుతుంది. సాయం అన్నది ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు. అట్లాగే "ఇప్పటికే చాలాసార్లు చెప్పాను" అని కూడా వద్దు. పైసలు అడిగావు కానీ ఎంతో నువ్వు చెప్పలేదు కూడా. అదనం అన్న మాట వాడకుండా "మీరు చెప్పిన మీదట చేసినవి" అని ఎందుకు రాశానంటే, అదనం అంటే నువ్వు ఎక్కువ అడుగుతున్నట్టు వినిపిస్తుంది. పని ఎవరి మాట మీద జరిగిందో అన్నదే అసలు సంగతి.

మెసేజ్ మొదట్లో ఒప్పందం ధర చెప్పే పేరా మాత్రం తీసేయకు. ఇట్లాంటి లెక్క చూడగానే ఓనర్‌కు వచ్చే మొదటి భయం "ఇంక ప్రతిదానికీ డబ్బులు అడుగుతాడు, మొత్తం ఎక్కడికి పోతుందో" అన్నది. 22,20,000 కదలదని ముందే చెప్తే ఆ టెన్షన్ పోయి మిగతాది నిదానంగా చదువుతారు.

పోర్టికో సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అక్కడ ధర చెప్పి ఒప్పుకోవడమే పెద్ద తప్పు. గోడకు బయటికి వేలాడే స్లాబ్‌లో లోడ్ మోసే ఇనుము పై వైపు ఉంటుంది, అది లోపలి స్లాబ్‌లోకి బాగా పొడవుగా పోయి ఉండాలి. కాంక్రీటు పోసి గట్టిపడ్డాక చివర చిప్పింగ్ చేసి నాలుగు చువ్వలు అతికించి నాలుగడుగులు ముందుకు పోస్తే, ఆ అతుకు దగ్గర పట్టు ఉండదు. మొదట సన్న పగులు వస్తుంది, తర్వాత నీళ్లు దిగి ఇనుము తుప్పు పడుతుంది, ఒకరోజు కింద పడుతుంది. కొత్తగా పిల్లర్లు, పునాది వేసి విడిగా కట్టొచ్చు, కానీ అది వేరే పని, దానికి ఇంజనీర్ డ్రాయింగ్ కావాలి. రెండో కారణం అనుమతి. తెలంగాణలో 2020 చట్టం వచ్చాక చిన్న ఇళ్లకు సొంత ధృవీకరణ మీదే అనుమతి ఇస్తున్నారు. దానికి బదులుగా ప్లాన్ దాటి కడితే నోటీసు లేకుండా కూల్చే అధికారం పెట్టారు. 200 గజాల జాగలో ముందు వదిలిన ఖాళీలోకి నాలుగడుగులు వస్తే సంతకం పెట్టిన సార్‌కే ఇబ్బంది. "నాకు కష్టం" అని కాకుండా ఈ రెండు కారణాలు చెప్పు. డబ్బు ఎక్కువ ఇస్తానన్నా మారని సమాధానం ఇది అని ఆయనకు తెలియాలి. ఒక పనికి ఖచ్చితంగా కాదని, ఇంకోదానికి అవునని చెప్పినప్పుడు నీ అవును మీద కూడా నమ్మకం వస్తుంది.

ఆదివారం ఆయన అనే మాటలు కొన్ని ముందే ఊహించుకో.

"ఇంత పెద్ద పనిలో ఇదొక లెక్కనా?" అంటారు. నవ్వుతూ "మీకు పెద్ద లెక్క కాదు సార్, అందుకే ప్లాస్టరింగ్ విడతలో కలిపిన" అను. ఇంకేం వద్దు.

"మొన్న మావోళ్లకు కట్టిన కాంట్రాక్టర్ ఇవన్నీ ఊరికే చేసిండు" అంటారు. ఆ ఇంటి అడుగు రేటు, ఏ ఇటుక, ఏ సిమెంటు అని అడగడం మొదలుపెడితే మాట పక్కదారి పడుతుంది. "వాళ్ల ఒప్పందం నేను చూడలేదు సార్, మన కాగితం ఇది" అని కాగితం ముందు పెట్టు.

అసలు బలమైన మాట ఒకటుంది. "నువ్వు ముందే ఇంత అవుతుందని చెప్తే పిట్టగోడ నాలుగడుగులు చేయించేవాన్నే కాదు." ఇది న్యాయమైన మాట. దీనికి వాదన పెట్టకు. "నిజమే సార్, ముందు చెప్పాల్సింది. అందుకే ఇక నుంచి ముందే రాసి పంపుతానంటున్నా" అని ఒప్పుకుని, ఆ ఒక్క పనిలో కొంత నువ్వే భరించు. 28,000 ను 25,000 చెయ్యి. కానీ తగ్గించేది ఆ ఒక్క పేరు మీదే ఉండాలి. "సరే సార్, మొత్తం మీద 40,000 ఇవ్వండి" అని గుండుగుత్తగా తగ్గిస్తే, నువ్వు వేసిన అంకెలన్నీ బేరం కోసం పెంచినవే అన్నట్టు అవుతుంది. వాష్ ఏరియాకు నువ్వు ఎంత చెప్పినా ఆయన మనసులో ఒక కోత ముందే వేసుకుంటారు.

"అంతా అయ్యాక ఒకేసారి చూసుకుందాం" అన్నదాన్ని మాత్రం ఒప్పుకోకు. గృహప్రవేశం అయ్యాక ఆయన చేతిలో ఇల్లు ఉంటుంది, ఖర్చులన్నీ పైన పడి ఉంటాయి, నీ చేతిలో ఏమీ ఉండదు. "చివర్లో లెక్క పెద్దదైతది సార్, మీకే భారం. విడతకు విడత తేలిపోతే మనకిద్దరికీ మంచిది" అని అక్కడే ఆగు. ఆయన ఏమీ అనకపోయినా నువ్వు ఆ నిశ్శబ్దాన్ని నింపకు. మనవాళ్లకు మొహమాటంలో అదే అలవాటు, ఎదుటివాళ్లు మాట్లాడకముందే మనమే తగ్గిస్తాం.

కూర్చుని తేలాక ఆ సాయంత్రమే రెండు లైన్లు మళ్లీ వాట్సాప్‌లో పెట్టు. "సార్, ఇవాళ అనుకున్నట్టు పిట్టగోడ 25,000, మిగతావి అవే, మొత్తం 41,800, ప్లాస్టరింగ్ విడతతో" అని. దానికి ఆయన బొటనవేలు గుర్తు పెట్టినా మంచిదే, "సరే" అని అక్షరాల్లో వస్తే ఇంకా మంచిది. ఆ చాట్ ఉన్న ఫోన్ జాగ్రత్త, ఫోన్ మారిస్తే చాట్ పోకుండా చూసుకో.

రెండు మూడు రోజులు జవాబు రాకపోతే? ఒప్పందంలోని పని ఆపకు. ప్లాస్టరింగ్ ఒప్పందంలోనిది, దాన్ని 44,800 కోసం ఆపితే ఒప్పందం తప్పింది నువ్వే అవుతావు. ఆపాల్సింది కొత్త పనులను మాత్రమే. వాష్ ఏరియాకు ఒక్క ఇటుక కూడా దించకు. ఒప్పందం ప్రకారం రావాల్సిన విడతే రాకపోతే అది వేరే సంగతి, అప్పుడు కాగితంలో ఏం రాసుకున్నారో దాని ప్రకారం నడుచుకో.

చట్టం గురించి ఒక్క మాట చెప్తా, మెసేజ్‌లో రాయమని కాదు. 1872 కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ ప్రకారం, ఊరికే చేయాలన్న ఉద్దేశం లేకుండా ఒకరికి పని చేస్తే, అవతలివాళ్లు దాని లాభం అనుభవిస్తుంటే, వాళ్లు దానికి తగిన పరిహారం ఇవ్వాలి. అంటే కాగితంలో లేనంత మాత్రాన నీ డబ్బు పోయినట్టు కాదు. కానీ ఆ దారిలో పోతే ఆయన చెప్పారని, నువ్వు ఊరికే చేయలేదని చూపించాల్సిన భారం నీ మీద ఉంటుంది. ధర ముందే చెప్పకపోవడం అక్కడ నీకు అడ్డు వస్తుంది. 44,800 కోసం, అదీ అత్తగారి తరఫు మనిషితో, అంత దూరం పోవడం దండగ. ఆ సెక్షన్ నీ ధైర్యం కోసమే.

మేస్త్రీల సంగతి మరిచిపోకు. పని పెరిగేది ఎక్కువగా వాళ్ల దగ్గరే. నువ్వు ఇంకో సైట్‌లో ఉన్నప్పుడు ఓనర్ కొడుకో, మేడమో వచ్చి, చాయ్ తెప్పించి, "ఇక్కడ ఒక చిన్న గూడు పెట్టన్నా" అంటారు. పాలమూరు నుంచి వచ్చిన కూలీ అయినా, ఊళ్లోని తాపీ మేస్త్రీ అయినా ఇంటి యజమాని చెప్తే కాదనడు, అనలేడు కూడా. తప్పు వాడిది కాదు. పెద్ద మేస్త్రీకి ఒక్కటే చెప్పు, "ఎవరు ఏం చెప్పినా సరే అను, పని మాత్రం నా ఫోన్ వచ్చాకే మొదలుపెట్టు." కాదనే భారం వాడి మీద పెట్టకు. నీ సిమెంటు బస్తాలు లెక్క కంటే తొందరగా అయిపోతుంటే, ఎక్కడో నీకు తెలియని గోడ లేస్తోందని అర్థం. సాయంత్రం బస్తాల లెక్క చూసే అలవాటు చేసుకుంటే చాలా వరకు అక్కడే దొరుకుతుంది.

ఇంకొకటి, నువ్వు ప్లాస్టరింగ్ ముందు ఉన్నావు కాబట్టి ఇది ఈ వారమే చేయాలి. ఆదివారం లెక్క మాట్లాడాక సార్‌ను, మేడంను ఇల్లంతా తిప్పు. చేతిలో సుద్దముక్క పెట్టుకుని టీవీ ఎక్కడ, మంచం ఎటు వైపు, ఫ్రిజ్ ఎక్కడ, గీజర్, మిక్సీ, ఫిల్టర్ పాయింట్లు ఎక్కడెక్కడ అని ఒక్కో గోడ మీద వాళ్ల చేతే గుర్తు పెట్టించు. వాష్‌బేసిన్ ఎత్తు, అల్మారాల అరలు కూడా. వాస్తు ఆయన మళ్లీ వచ్చేది ఉంటే ఆ రోజే రమ్మను. "ఇవాళ మార్చుకుంటే సుద్దగీత తుడిస్తే చాలు సార్, ప్లాస్టరింగ్ అయ్యాక అయితే గోడ కొట్టి మళ్లీ పూయాలె, దానికి ఖర్చు రాస్త" అని ఎదురుగా చెప్పు. ఒక్కో గోడ ఫోటో తీసి అదే వాట్సాప్‌లో, లెక్క కిందే పెట్టు. ప్లాస్టరింగ్ కూలీలను మరుసటి పొద్దున కాకుండా ఇంకో రోజు ఆగి రమ్మను, ఆ రాత్రి ఇంట్లో మాట్లాడుకుని ఇంకో రెండు గుర్తులు తప్పకుండా మారుస్తారు.